ఒకే ప్రకటన, ముగ్గురు పాఠకులు: కార్మికులకు, ఇన్వెస్టర్లకు, కొనుగోలుదారులకు ఎలా రాయాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో నోటీసులు, లేఖలు రాసే బాధ్యత మీద పడినవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. సూత్రాలు చెప్పుకుంటూ పోవడం కన్నా ఒక్క ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తే ఎక్కువ ఉపయోగం. అందుకే ఇక్కడ ప్రతి జవాబూ ఆ ఒక్క ఉదాహరణ చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణగా తీసుకున్న కంపెనీ ఏమిటి? అది చెప్పాల్సిన కబురు ఏమిటి?

చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయి ఉన్నాయి. అక్కడ రెండు రకాలుగా గుజ్జు నింపుతారు. ఒకటి 3.1 కిలోల టిన్నుల్లో, రెండోది పెద్ద డ్రమ్ముల్లో. డ్రమ్ములోకి వెళ్లే గుజ్జును ముందే వేడిచేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, చల్లార్చి, శుద్ధిచేసిన సంచిలో నింపుతారు. దీన్ని ఎసెప్టిక్ పద్ధతి అంటారు.

టిన్నుల లైను పాతబడింది. మార్చి 31న దాన్ని ఆపేసి, ఆ స్థలంలో రెండో ఎసెప్టిక్ లైను పెట్టాలని జనవరిలో కంపెనీ అనుకుంది. ఖర్చు 18 కోట్లు, అందులో 12 కోట్లు బ్యాంకు రుణం. జూన్ 10 నాటికి, అంటే కాయ జోరుగా వచ్చే వేళకు, కొత్త లైను మొదలవ్వాలి. టిన్నుల లైనులో 22 మంది పర్మనెంటు కార్మికులు, సీజనులో వచ్చే 60 మంది పనిచేస్తున్నారు. పర్మనెంటు వారందరూ కొత్త లైనుకు వెళతారు. సీజను వారిలో 25 మందికే అక్కడ పని ఉంటుంది, 35 మందికి ఉండదు. కిందటి ఏడాది అమ్మకాల్లో టిన్నుల వాటా 9 శాతం. ఈ అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవి.

ముగ్గురికీ ఒకే లేఖ పంపితే వచ్చే నష్టం ఏమిటి?

ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలతో లేఖ తెరుస్తారు. కార్మికుడికి కావలసింది తన పని ఉంటుందా, ఏ రోజు నుంచి ఏ షిఫ్టు అన్నది. ఇన్వెస్టరుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పటికి తిరిగి వస్తుంది, ఈ సీజను ఎంత పోతుంది అన్నది. టిన్నులు కొనే మిఠాయి దుకాణదారుకు టిన్ను ఇంకా ఎంతకాలం దొరుకుతుంది, ఆ తర్వాత ఏం కొనాలి అన్నది. ఒకే లేఖలో ఇవన్నీ కలిపితే ఎవరి జవాబు వారికి నాలుగో పేరాలోనో ఐదో పేరాలోనో దొరుకుతుంది. అంతకంటే ముందే కార్మికుడు ‘18 కోట్ల పెట్టుబడి’ అన్న మాట చదివి, ‘ఇంత డబ్బు ఉండి మమ్మల్ని తీసేస్తారా’ అనుకుంటాడు. ఆ కోపం న్యాయమైనదే. అతడి ప్రశ్నకు జవాబు ఇవ్వకముందే వేరొకరి ప్రశ్నకు జవాబు ఇచ్చాం కాబట్టి వచ్చిన కోపం అది.

మూడు లేఖలు రాయాలంటే మొదట ఏ లేఖతో మొదలుపెట్టాలి?

ఏ లేఖతోనూ కాదు. ముందు ఒక్క పేజీ మూల కాగితం తయారు చేయాలి. అందులో వర్ణనలు ఉండవు, విశేషణాలు ఉండవు. ఏం ఆగుతుంది, ఏ రోజు, ఏం మొదలవుతుంది, ఏ రోజు, ఎందుకు, ఎంత ఖర్చు, ఎవరి పని మారుతుంది, ఎవరి పని పోతుంది, ఇంకా తేలనివి ఏవి. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. మన ఉదాహరణలో, పని పోయే 35 మందిలో ఎందరిని డ్రమ్ముల గోదాములో తీసుకోగలం అన్నది ఇంకా తేలలేదనుకోండి. ఆ సంగతి మూల కాగితంలో రాసి ఉండాలి. లేకపోతే ఒక లేఖలో ‘ఎక్కువ మందికి’ అనీ, మరో లేఖలో ‘కొందరికి’ అనీ వస్తుంది. రెండూ ఊహలే అవుతాయి.

ఈ కాగితం మీద ఫ్యాక్టరీ మేనేజరు, అకౌంట్స్ అధికారి, కంపెనీ సెక్రటరీ ముగ్గురూ సంతకం చేయాలి. ఆ తర్వాత మూడు లేఖల్లోనూ తేదీలు, అంకెలు, కారణం ఈ కాగితం నుంచే తీసుకోవాలి. మార్చడానికి వీలున్నవి మూడే: ఏది ముందు చెప్పాలి, ఎంత లోతుగా చెప్పాలి, ఏ గొంతుతో చెప్పాలి.

ముందు ఎవరికి చెప్పాలి? కార్మికులకు చెప్పకుండా బయటివారికి చెప్పడం న్యాయమేనా?

మనసు కార్మికులకే ముందు చెప్పమంటుంది. కానీ లిస్టయిన కంపెనీకి ఆ స్వేచ్ఛ లేదు. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ పెట్టిన లిస్టింగ్ నిబంధనల్లో 30వ నిబంధన ప్రకారం, ముఖ్యమైన నిర్ణయం బోర్డు సమావేశంలో తీసుకుంటే, సమావేశం ముగిసిన 30 నిమిషాల్లో ఎక్స్ఛేంజికి తెలియజేయాలి. ఆ రోజు ట్రేడింగు వేళలు ముగిశాక సమావేశం ముగిస్తే 3 గంటల వ్యవధి ఉంటుంది. ఒక యూనిట్‌నో విభాగాన్నో మూసివేయడం, సామర్థ్యం పెంచడం లాంటివి ముఖ్యమైనవా కాదా అన్నది తూచి చూడాలి. వాటి విలువ గానీ ప్రభావం గానీ టర్నోవరులో 2 శాతం, నికర విలువలో 2 శాతం, మూడేళ్ల సగటు లాభనష్టాల్లో 5 శాతం, ఈ మూడింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటితే చెప్పి తీరాలి. అమ్మకాల్లో 9 శాతం ఉన్న టిన్నుల లైను ఈ గీత దాటినట్టే.

కాబట్టి వరుస ఎక్స్ఛేంజి, కార్మికులు, కొనుగోలుదారులు అని ఉంటుంది. కానీ మొదటి రెండింటి మధ్య ఎడం నిమిషాల్లోనే ఉండేలా చూడటం మన చేతిలో పని. బోర్డు సమావేశాన్ని మధ్యాహ్నం ఒకటింపావుకు ముగిసేలా పెట్టుకుంటే, ఒకటిన్నరకల్లా ఎక్స్ఛేంజికి వెళుతుంది. రెండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు దిగే వాళ్లూ ఎక్కే వాళ్లూ ఒకేచోట దొరుకుతారు. అప్పుడే మేనేజరు స్వయంగా చెప్పాలి. కొనుగోలుదారులకు లేఖ నాలుగు గంటలకు వెళితే చాలు. బోర్డు సమావేశం సాయంత్రం ఆరింటికి పెట్టి, కార్మికులకు మర్నాడు ఉదయం చెబుదామనుకుంటే మాత్రం ఆ రాత్రే వార్త ఊళ్లన్నీ చుట్టి వస్తుంది.

బోర్డు ఆమోదించకముందే నోటీసులు తయారు చేసుకోవచ్చా?

చేసుకోవాలి. లేకపోతే 30 నిమిషాల్లో మూడు లేఖలు పుట్టవు. కానీ ఒక జాగ్రత్త ఉంది. షేరు ధరను కదిలించగల సమాచారం ఇంకా బయటికి రాకముందు ఎవరెవరికి తెలిసిందో పేరు, పాన్ నంబరుతో సహా కంపెనీ డిజిటల్ రిజిస్టరులో నమోదు చేయాలని సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఇది అలాంటి సమాచారమేనని, కంపెనీలో నిబంధనల అమలు చూసే కంప్లయెన్స్ అధికారి తేలిస్తే, నోటీసును తమిళంలోకి మార్చే అనువాదకుడూ, దాన్ని అచ్చువేసే ప్రింటింగ్ ప్రెస్సు యజమానీ ఆ జాబితాలోకి వస్తారు. చిన్న ఊళ్లో ప్రెస్సులో ఆరబెట్టిన కాగితం నలుగురు చదువుతారు. అందుకని ముందస్తు ప్రతిని బయట అచ్చువేయించకుండా, ఆఫీసు ప్రింటరు మీదే తీసుకోవడం మంచిది.

కార్మికుల నోటీసు ఎలా ఉండాలి?

మొదటి వాక్యంలోనే చెడ్డ కబురు ఉండాలి. పోటీ, సాంకేతికత, మార్కెట్ పరిస్థితి అంటూ రెండు పేరాలు నడిపించి ఆ తర్వాత విషయానికి వస్తే, కార్మికుడు ఆ రెండు పేరాలనూ సాకులుగానే చదువుతాడు. నోటీసు ఇలా ఉండవచ్చు:

> టిన్నుల లైను మార్చి 31న ఆగిపోతుంది. ఆ లైనులోని 22 మంది పర్మనెంటు కార్మికులకూ కొత్త ఎసెప్టిక్ లైనులో పని ఉంటుంది. జీతంలో మార్పు లేదు. ఏప్రిల్ 15 నుంచి శిక్షణ మొదలవుతుంది.
>
> సీజనులో వచ్చే 60 మందిలో 25 మందికి కొత్త లైనులో పని ఉంటుంది. 35 మందికి ఈ సీజనులో ఆ లైనులో పని ఉండదు. వారిలో ఎందరిని డ్రమ్ముల గోదాములో తీసుకోగలమో ఇంకా తేలలేదు. ఫిబ్రవరి 20లోగా ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెబుతాం.
>
> కారణం: టిన్నుల యంత్రాలు పాతవి, విడిభాగాలు దొరకడం లేదు. డ్రమ్ముల గుజ్జుకు ఆర్డర్లు పెరిగాయి.
>
> ప్రశ్నలు ఉంటే రేపటి నుంచి వారం రోజులు మేనేజరు ఉదయం 10 నుంచి 12 వరకు క్యాంటీనులో ఉంటారు.

‘మీరు మా కుటుంబ సభ్యులు’ లాంటి మాటలు ఇందులో లేవు, చూడండి. పని పోతున్న మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది. గౌరవం కనిపించాల్సింది ఆయన ప్రశ్నకు సూటిగా జవాబు ఇవ్వడంలో. ‘తేలలేదు’ అని చెప్పిన చోట ‘ఎప్పటికి తేలుతుంది’ అని తేదీ ఇవ్వడం కూడా అందులో భాగమే. ఆ తేదీ తప్పితే నోటీసు మొత్తం మీద నమ్మకం పోతుంది.

పని వేళలు, షిఫ్టులు మారితే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని కార్మిక చట్టం చెబుతోంది. ఆ చట్టబద్ధమైన నోటీసు వేరు, ఈ లేఖ వేరు. రెంటినీ కలిపితే లేఖ చట్టం భాషలోకి జారిపోతుంది. విడిగా ఇచ్చి, రెండింటిలోనూ తేదీలు ఒకటేనా అని సరిచూసుకోవాలి. సీజను వారి హక్కుల గురించిన వాక్యాలను న్యాయ సలహాదారు చూశాకే అంటించాలి.

జనవరిలో సీజను కార్మికులు ఫ్యాక్టరీలోనే ఉండరు కదా. వారికి ఎలా చేరుతుంది?

నోటీసు బోర్డుతో చేరదు. చాలామంది ఊళ్లలో ఉంటారు, మేస్త్రీ పిలిస్తే వస్తారు. అదే రోజు మధ్యాహ్నం మేస్త్రీలను పిలిచి చెప్పడం తేలిక, కానీ అంతటితో ఆగకూడదు. మేస్త్రీ ఎవరికి ఏం చెప్పాడో మనకు తెలియదు. ఒక్కొక్కరికి ఫోను చేసి నోటీసులోని రెండో పేరాను చదివి వినిపించాలి, వెనుకే కాగితం పంపాలి. అరవై ఫోన్లు ఇద్దరు మనుషులకు ఒక్క సాయంత్రం పని. తమిళం చదివేవారు ఉంటే తమిళ ప్రతి కూడా వెళ్లాలి. ఇది సరిహద్దు జిల్లా. చదవలేని వారికి ఫోనులో చెప్పిందే నోటీసు, కాబట్టి ఫోను చేసేవారు సొంత మాటలు కలపకుండా రాసినదే చదవాలి.

ఇన్వెస్టర్లకు రాసేటప్పుడు వివరం ఎంత ఉండాలి?

అంకెల విషయంలో అందరికంటే ఎక్కువ, భావం విషయంలో అందరికంటే తక్కువ. సామర్థ్యం పెంచేటప్పుడు ఎక్స్ఛేంజికి ఏమేమి చెప్పాలో సెబీయే జాబితా ఇచ్చింది: ఇప్పుడున్న సామర్థ్యం, అందులో ఎంత వాడుతున్నారు, ఎంత పెంచుతున్నారు, ఎప్పటిలోగా, పెట్టుబడి ఎంత, డబ్బు ఎలా సమకూరుస్తారు, ఎందుకు. మూసివేతకు కిందటి ఏడాది ఆ విభాగం నుంచి వచ్చిన ఆదాయం, దాని శాతం, మూసే తేదీ, కారణం చెప్పాలి. ఈ జాబితానే లేఖకు అస్థిపంజరం. ఎక్స్ఛేంజికి ఇంగ్లీషులో వెళ్లే ఆ లేఖ సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

> బోర్డు ఈ రోజు టిన్నుల విభాగాన్ని మార్చి 31 నుంచి మూసివేయడానికీ, ఎసెప్టిక్ సామర్థ్యాన్ని గంటకు 5 టన్నుల నుంచి 11 టన్నులకు పెంచడానికీ ఆమోదం తెలిపింది. ప్రస్తుత ఎసెప్టిక్ సామర్థ్యంలో కిందటి సీజనులో 92 శాతం వినియోగమైంది. పెట్టుబడి 18 కోట్లు. 12 కోట్లు టర్మ్ లోను, 6 కోట్లు సొంత నిధులు. ఉత్పత్తి జూన్ 10 నాటికి మొదలవుతుందని అంచనా. టిన్నుల విభాగం కిందటి ఆర్థిక సంవత్సరం టర్నోవరులో 9 శాతం. కొత్త లైను ఆలస్యమైతే ఈ సీజను ఉత్పత్తిలో కొంత భాగం తగ్గవచ్చు. పర్మనెంటు ఉద్యోగుల సంఖ్యలో మార్పు లేదు. సీజను పనుల్లో 35 తగ్గుతాయి.

ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పిన వాక్యాన్ని తీసేయమని యాజమాన్యంలో ఎవరో ఒకరు అడుగుతారు. తీయకూడదు. మామిడి సీజను రెండు మూడు నెలలే. జూన్ 10 కాస్తా జూలై 10 అయితే కాయలో పెద్ద భాగం చేజారిపోతుంది. గుజ్జు వ్యాపారం తెలిసిన ఇన్వెస్టరు మొదట అడిగేది అదే, తెలియనివారికి చెప్పాల్సిందీ అదే. ‘భారీ’, ‘చరిత్రాత్మక’, ‘మలుపు తిప్పే’ లాంటి విశేషణాలు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు. 92 శాతం అన్న అంకె ఆ పనిని వాటికంటే బాగా చేస్తుంది.

కొనుగోలుదారులకు ఏం చెప్పాలి? పెట్టుబడి సంగతి వారికి అవసరమా?

అవసరం లేదు. పైగా ఇక్కడ కొనుగోలుదారులు ఒక్క రకం కాదు. డ్రమ్ములు కొనే పానీయాల కంపెనీకి ఇది మంచి కబురు, రెండు వాక్యాలు చాలు. ఇబ్బంది పడేది టిన్నులు కొనే మిఠాయి దుకాణం, జ్యూసు సెంటరు, కేటరింగు చేసేవారు. వారి లేఖలోనే వివరం పెరగాలి.

టిన్ను తెరిస్తే 3.1 కిలోలు ఒక్క పూటలోనో ఒక్క రోజులోనో అయిపోతాయి. ఎసెప్టిక్ సంచి తెరవనంతకాలం మామూలు గదిలో నిలవ ఉంటుంది. ఒకసారి తెరిచాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి. జ్యూసు సెంటరుకు అసలు సమస్య ఇక్కడే. ‘మరింత మెరుగైన ప్యాకింగు తెస్తున్నాం’ అని గొప్పగా రాసి ఈ ఒక్క సంగతి చెప్పకపోతే, మొదటి సంచి పులిసిన రోజే ఆ దుకాణదారు వేరే కంపెనీ టిన్నుకు వెళ్లిపోతారు. అందుకని:

> మా 3.1 కిలోల టిన్ను మార్చి 31 తర్వాత తయారు కాదు. మార్చి 15 వరకు ఆర్డర్లు తీసుకుంటాం, నిల్వ ఉన్నంతవరకు సెప్టెంబరు దాకా ఇస్తాం. జూన్ నుంచి అదే తోతాపురి గుజ్జు 20 కిలోల సంచిలో దొరుకుతుంది. తీపి ప్రమాణం మారదు, 14 బ్రిక్స్‌కు తగ్గదు. సంచి తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎన్ని రోజుల్లో వాడాలో సంచి మీద ఉంటుంది. రోజుకు 5 కిలోల కంటే తక్కువ వాడేవారికి ఈ సంచి అనుకూలం కాకపోవచ్చు. దయచేసి మాతో మాట్లాడండి. నమూనా సంచిని మే నెలలో పంపుతాం.

మా సరుకు మీకు సరిపడకపోవచ్చు అని చెప్పడం అమ్మకాల విభాగానికి నచ్చదు. కానీ అలా చెప్పినందుకే ఆ దుకాణదారు రేపు ఫోను ఎత్తుతారు. లేఖలో ‘క్షమించండి’ అన్న మాట ఒక్కసారి ఉంటే సరిపోతుంది, అదీ టిన్నుల కొనుగోలుదారులకే. పానీయాల కంపెనీకి క్షమాపణ అనవసరం.

మూడు లేఖలూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ప్రతి లేఖనూ అది ఉద్దేశించని మనిషి కళ్లతో చదవాలి. ఎక్స్ఛేంజి లేఖ ఎవరైనా చూడవచ్చు. యూనియన్ నాయకుడు సాయంత్రానికల్లా చూస్తాడు. అందులో ‘కార్మిక వ్యయం గణనీయంగా తగ్గుతుంది’ అనీ, నోటీసు బోర్డు మీద ‘ఎవరికీ ఇబ్బంది ఉండదు’ అనీ ఉంటే, రెండింటిలో ఒకటి అబద్ధమని అతడు నిరూపించనక్కరలేదు, పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. మన ఉదాహరణలో 35 అన్న అంకె రెండు చోట్లా ఉంది. గొంతు వేరు, అంకె ఒకటే.

కారణం దగ్గర కూడా తప్పులు దొర్లుతాయి. కార్మికులకు ‘యంత్రాలు పాతవి’, ఇన్వెస్టర్లకు ‘డ్రమ్ములకు గిరాకీ’, కొనుగోలుదారులకు ‘నాణ్యత కోసం’ అని ముగ్గురికి మూడు కారణాలు చెబుతుంటారు. మొదటి రెండూ మూల కాగితంలో ఉన్నవే, కాబట్టి ఏది ముందు చెప్పినా పర్వాలేదు. మూడోది కాగితంలో లేదు. అది లేఖలోకి వచ్చిందంటే రాసేటప్పుడు ఎవరో కల్పించారన్నమాట. పైగా ఇన్నాళ్లూ టిన్ను కొన్నవారికి ‘మీరు కొన్నది నాసిరకం’ అని చెప్పినట్టు అవుతుంది.

పెద్ద కొనుగోలుదారు ముందే చెప్పమని అడిగితే?

వ్యాపార అవసరం నిజంగా ఉంటే, గోప్యత ఒప్పందం రాయించుకుని, రిజిస్టరులో నమోదు చేసి చెప్పడానికి నిబంధనలు వీలిస్తాయి. సేల్స్ మేనేజరు ఫోనులో ‘మీకు మాత్రమే చెబుతున్నా’ అనడం వీలుకాదు. కంప్లయెన్స్ అధికారిని అడిగి నిర్ణయించాలి.

రైతులకు కూడా లేఖ రాయాలా?

చిత్తూరు జిల్లాలో తప్పదు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున ఇచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి దామలచెరువులోనైనా బంగారుపాళ్యంలోనైనా, ఫ్యాక్టరీ లైను ఆగిందన్న మాట వినగానే ‘కాయ కొనరట’ అన్న అర్థం పుడుతుంది. ఒక్క వాక్యం చాలు: టిన్నుల లైను ఆగుతుంది, కొత్త లైనుతో తీసుకునే కాయ తగ్గదు. ధర గురించి ఆ లేఖలో ఏమీ చెప్పకూడదు, జనవరిలో ఎవరికీ తెలియని సంగతి అది.

మా కంపెనీ లిస్టు కాలేదు. ఇదంతా మాకు వర్తిస్తుందా?

30 నిమిషాల గడియారం వర్తించదు. కాబట్టి కార్మికులకే మొదట చెప్పే అవకాశం మీకు ఉంది, వాడుకోండి. ఇన్వెస్టర్ల స్థానంలో భాగస్వాములు, బ్యాంకు ఉంటాయి. రుణ ఒప్పందంలో యంత్రాలు తీసేయడానికి బ్యాంకు అనుమతి కావాలని ఉందేమో ముందు చూడండి. పాత టిన్నుల యంత్రం బ్యాంకుకు తాకట్టులో ఉంటే, నోటీసు అంటించాక కాదు, ముందే అడగాలి.

తేదీ జరిగితే ఏం చేయాలి?

యంత్రం రావడం ఆలస్యమై ఉత్పత్తి జూన్ 10 నుంచి జూన్ 28కి జరిగిందనుకుందాం. మొదట మూల కాగితాన్ని దిద్దాలి, ఆ తర్వాతే లేఖలు. వాణిజ్య ఉత్పత్తి మొదలయ్యే తేదీ వాయిదా పడటం కూడా సెబీ జాబితాలో ఉన్నదే. ముందు చెప్పిన సంగతిలో ముఖ్యమైన మార్పు వస్తే ఎక్స్ఛేంజికి మళ్లీ తెలపాలి. అక్కడ కొత్త తేదీ, కారణం, సీజను మీద ప్రభావం ఉండాలి. కార్మికులకు ఆ 18 రోజుల జీతం సంగతి, సీజను వారిని ఎప్పుడు పిలుస్తారన్న సంగతి. ఈ మధ్యలో వేరే ఫ్యాక్టరీకి వెళ్లదలచినవారు వెళ్లవచ్చని, తిరిగి వస్తే పని ఉంటుందో లేదో కూడా అందులో స్పష్టంగా రాయాలి, ఎందుకంటే సీజను పోతే వారి ఏడాది సంపాదన పోతుంది. టిన్నుల కొనుగోలుదారులకు నిల్వ ఆ 18 రోజులకు సరిపోతుందా లేదా అన్న ఒక్క లెక్క చాలు. నిల్వ సరిపోకపోతే ఎవరికి ఎన్ని టిన్నులు ఇవ్వగలరో అదే లేఖలో చెప్పేయాలి.